నీ పని ఎవరు దిద్దారమ్మా?

వేసవి సెలవులయ్యాక కాలేజీ తెరిచిన రెండో వారంలో ఒక అమ్మాయి మా స్టాఫ్ రూమ్ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. మూడో సంవత్సరం బీఎస్సీ కంప్యూటర్స్. లోపలికి రమ్మంటే వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. "మేడమ్, లాప్‌టాప్ ఇంకా రాలేదండి. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నిన్న రాత్రి గ్రూపులోంచి కూడా తీసేశారు" అంది. ఏ లాప్‌టాప్ అని అడిగాను. అడిగాక ఆ పిల్ల చెప్పిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "మీరు పంపిన ఇంటర్న్‌షిప్ వాళ్లే కదండీ."

నిజమే, ఆ లింకు పంపింది నేనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి ఇంటర్న్‌షిప్ తప్పనిసరైంది. మొదటి సంవత్సరం తర్వాత సమాజసేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. ఉద్దేశం మంచిదే. కానీ మాది గుంటూరు పక్కన చిన్న ఊరు. కంప్యూటర్స్ చదివే అరవై నాలుగు మందిని వేసవిలో చేర్చుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ చుట్టుపక్కల లేదు. హైదరాబాద్ పంపిస్తే హాస్టల్ ఖర్చు ఇళ్లవాళ్లు పెట్టలేరు. గడువు దగ్గరపడుతుంటే, ఎవరో వేరే కాలేజీ అధ్యాపకుల గ్రూపులో పెట్టిన మెసేజీ కనిపించింది. ఇంటి దగ్గరే కూర్చుని చేసే వెబ్ డెవలప్‌మెంట్ ఇంటర్న్‌షిప్, పూర్తిగా ఉచితం, సర్టిఫికెట్ గ్యారంటీ. లింకు తెరిచి పైపైన చూశాను. ఏఐసీటీఈ లోగో ఉంది, ఎంఎస్ఎంఈ లోగో ఉంది, కింద ఐఎస్‌ఓ ముద్ర ఉంది. పిల్లల గ్రూపులో పెట్టేశాను. అరవై నాలుగు మందిలో నలభై ఏడు మంది అందులోనే చేరారు.

ఆ రోజు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మొదటి నుంచీ జరిగిందంతా చెప్పించుకున్నాను. ఫోన్‌లో ఒక్కొక్క మెయిలూ, ఒక్కొక్క మెసేజీ తెరిచి చూశాం.

మొదట ఒక గూగుల్ ఫారం. పేరు, కాలేజీ, హాల్ టికెట్ నంబరు, ఫోన్ నంబరు, ఏ సబ్జెక్టు కావాలి. రెజ్యూమే అడగలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. రెండు రోజులకే మెయిల్: వేలమంది దరఖాస్తుదారుల్లోంచి మిమ్మల్ని ఎంపిక చేశాం, అభినందనలు. మా నలభై ఏడు మందికీ అదే మెయిల్, అదే మాట. ఎంపిక కాని వాళ్లు ఒక్కరు కూడా లేరు. ఆ సంగతి అప్పుడే ఎవరికైనా తట్టి ఉండాల్సింది, నాకే తట్టలేదు.

ఆఫర్ లెటర్‌తో పాటు ఒక షరతు. ఈ లెటర్‌ను లింక్డ్‌ఇన్‌లో పెట్టి, సంస్థ పేరును ట్యాగ్ చేసి, ఆ పోస్టు లింకు పంపితేనే పని ఇస్తారు. పిల్లలు సంతోషంగా పెట్టారు. ఆ పోస్టులు చూసి వాళ్ల జూనియర్లు, చుట్టాల పిల్లలు చేరారు. ఆ సంస్థ ప్రకటన కోసం రూపాయి ఖర్చు పెట్టలేదు, మా పిల్లల పేర్లూ ఫొటోలే దాని ప్రకటనలయ్యాయి.

తర్వాత ఒక టెలిగ్రామ్ గ్రూపు, అందులో ఒక పీడీఎఫ్. ఐదు పనులు: కాలిక్యులేటర్, చేయాల్సిన పనుల జాబితా, సొంత వివరాల పేజీ, వాతావరణం చూపించే పేజీ, లాగిన్ పేజీ. వీటిలో ఏవైనా మూడు చేసి గిట్‌హబ్‌లో పెట్టాలి. ఎలా చేయాలో చెప్పేవాళ్లు లేరు, యూట్యూబ్ వీడియోల లింకులున్నాయి. ఈ అమ్మాయి కాలిక్యులేటర్ తానే కష్టపడి చేసింది. అందులో సున్నాతో భాగిస్తే తప్పు సమాధానం వస్తోందని గ్రూపులో అడిగింది కూడా. జవాబు రాలేదు. ఒక అబ్బాయైతే ఖాళీ ఫోల్డర్ లింకు పంపాడట, అదీ 'అప్రూవ్' అయింది.

నెలాఖరుకి అసలు ఫారం వచ్చింది. సర్టిఫికెట్ కావాలంటే 'వెరిఫికేషన్ ఛార్జీ' 199 రూపాయలు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టి, స్క్రీన్‌షాట్ పెట్టాలి. ఉచితం అన్నారు కదా అంటే, ఇంటర్న్‌షిప్ ఉచితమే, సర్టిఫికెట్‌కే ఛార్జీ అన్నారు. డబ్బు ఎందుకు చివర్లో అడిగారో ఆలోచిస్తే అర్థమైంది. మొదటి రోజే అడిగితే పిల్లలు వెనక్కి తగ్గేవాళ్లు. నెల గడిచింది, కాలేజీలో రిపోర్టు ఇవ్వాల్సిన తేదీ ముంచుకొచ్చింది, వేరే చోట చేరే వ్యవధి లేదు. పైగా 199 అంటే నెలవారీ ఫోన్ రీచార్జి పాటి డబ్బు, దానికోసం ఎవరూ గొడవపడరు. అందరూ కట్టారు. మా ఒక్క సెక్షన్ నుంచే 9,353 రూపాయలు.

చాలామంది దగ్గర కథ అక్కడితో ముగిసింది. ఈ అమ్మాయి దగ్గర ముగియలేదు. వారం తర్వాత ఒక ఫోన్ వచ్చింది. మీ పని బాగుంది, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికి మీ పేరు సిఫారసు చేశాం, రిజిస్ట్రేషన్ 999, మొదటి జీతంతో తిరిగి ఇచ్చేస్తాం. కట్టింది. పది నిమిషాలు ఇంటర్వ్యూ చేసి సెలెక్టయ్యావన్నారు. ఇక కంపెనీ లాప్‌టాప్ కొరియర్‌లో వస్తుంది, దానికి సెక్యూరిటీ డిపాజిట్ 3,500, అదీ తిరిగి ఇచ్చేదే. అదీ కట్టింది. మొత్తం 4,698 రూపాయలు. వాళ్లమ్మ మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. ఆ 3,500 డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పులోంచి ఇచ్చింది. ఎందుకిచ్చావమ్మా అని తర్వాత నేను అడిగితే ఆవిడ, "మీ మేడమ్ గారు చెప్పిందే కదా అన్నానమ్మా" అంది. నాకు తలెత్తి ఆవిడ ముఖం చూసే ధైర్యం చాల్లేదు.

ఆ సాయంత్రం ఆ ఆఫర్ లెటర్‌ను ముద్రించి ఒక్కొక్క ముద్రే పరీక్షించాను. మొదటి రోజు చేయాల్సిన పని అది. గంట కూడా పట్టలేదు.

ఎంఎస్ఎంఈ లోగో పక్కనున్న ఉద్యం రిజిస్ట్రేషన్ నంబరు దొంగదనుకుని ప్రభుత్వ పోర్టల్లో వేసి చూస్తే అది నిజమైనదే! ఎవరో ఒక వ్యక్తి పేరు మీద సూక్ష్మ సంస్థగా నమోదై ఉంది. అప్పుడు తెలుసుకున్నాను, ఉద్యం నమోదు ఉచితం, ఆధార్, పాన్ ఉన్న ఎవరైనా తమ వివరాలు తామే ప్రకటించుకుని చేసుకోవచ్చు. టీ కొట్టుకైనా చేసుకోవచ్చు. ఆ నంబరు చెప్పేది ఒక వ్యాపారం నమోదైందని మాత్రమే. ఇంటర్న్‌షిప్ ఇచ్చే అర్హత ఉందని గానీ, ప్రభుత్వం వచ్చి చూసిందని గానీ కాదు. అబద్ధం ముద్ర కంటే ఈ నిజం ముద్రే ప్రమాదం అనిపించింది నాకు. వెతికినా దొరుకుతుంది, దొరకగానే నమ్మకం కుదురుతుంది.

ఐఎస్‌ఓ సంగతీ అంతే. ప్రమాణాలు రాసే ఆ అంతర్జాతీయ సంస్థ తానుగా ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు, వేరే సంస్థలు తనిఖీ చేసి ఇస్తాయి. ఆ ముద్ర మీదున్న 9001:2015 అనేది నాణ్యత కోసం సంస్థ లోపల పనులు ఎలా నడపాలో చెప్పే ప్రమాణం. అది నిజంగా ఉన్నా, ఆ సంస్థ ఇచ్చే శిక్షణకు విలువ ఉందని అర్థం కాదు. ఏఐసీటీఈకి సొంత ఇంటర్న్‌షిప్ పోర్టల్ ఉంది. అందులో ఈ పేరు వెతికితే లేదు. లోగో మాత్రం ఎవరైనా కాపీ చేసుకోగలరు.

తర్వాత వెబ్‌సైట్ పుట్టిన తేదీ చూశాను. ఏ వెబ్ చిరునామానైనా whois అనే సేవలో వేస్తే అది ఎప్పుడు నమోదైందో కనిపిస్తుంది. లెటర్ మీద '2017 నుంచి విద్యార్థుల సేవలో' అని ఉంది. చిరునామా నమోదై అప్పటికి ఐదు నెలలు. ఇక సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే 'ఈ సర్టిఫికెట్ అసలైనది' అని పచ్చటి టిక్కుతో ఒక పేజీ వస్తుంది. పిల్లలందరూ దాన్ని చూసే ధైర్యం తెచ్చుకున్నారు. ఆ పేజీ ఎక్కడుంది? అదే వెబ్‌సైట్లో. అమ్మినవాడే నిజమని సాక్ష్యం చెబుతున్నాడు, అంతకు మించి అందులో ఏమీ లేదు. డబ్బు వెళ్లిన యూపీఐ ఖాతా కూడా సంస్థ పేరు మీద లేదు, ఒక వ్యక్తి పేరు మీద ఉంది. కట్టే ముందు ఫోన్ తెర మీద ఆ పేరు కనబడుతుంది, నలభై ఏడు మందిలో ఒక్కరూ అక్కడ ఆగలేదు.

మర్నాడు 1930కి ఫోన్ చేయించాను, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టించాను. యూపీఐ లావాదేవీకి ఉండే పన్నెండంకెల యూటీఆర్ నంబరు, కట్టిన తేదీ, సమయం, స్క్రీన్‌షాట్లు అడిగారు. అన్నీ ఇచ్చాం. కానీ అప్పటికి డబ్బు కట్టి మూడు వారాలైంది. డబ్బు పోయిన గంటల్లోనే చెబితే, అది చేరిన ఖాతాలో ఇంకా ఉంటే, బ్యాంకు దాన్ని కదలకుండా ఆపగలదు. మూడు వారాలకు ఆ ఖాతాలో ఏముంటుంది? ఆ డబ్బు తిరిగి రాలేదు.

ఆ ఫిర్యాదు పట్టుకుని వెళ్లిన పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్ అడిగిన ప్రశ్న మాత్రం నాకు పెద్ద పాఠమైంది. లాప్‌టాప్ డబ్బు సంగతి వెంటనే రాసుకున్నాడు. నలభై ఏడు మంది 199 గురించి చెబితే, "సర్టిఫికెట్ ఇస్తామన్నారు, ఇచ్చారా లేదా?" అన్నాడు. ఇచ్చారన్నాను. "మరి మీ పిల్లలకి వచ్చిన నష్టం ఏంటమ్మా?" అన్నాడు. వెటకారంగా అనలేదు, ఫిర్యాదు కాగితంలో ఏం రాయాలో తెలియక అడిగాడు. లేని గుర్తింపు ఉందని చెప్పి డబ్బు తీసుకోవడం మోసమేనని, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుందని మా కాలేజీకి సలహాలిచ్చే వకీలు గారు తర్వాత చెప్పారు, ఫిర్యాదులో అదీ చేర్చాం. కానీ బస్సులో ఇంటికి వస్తూ ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. పిల్లలు కాగితం కొన్నారు, కాగితం అందింది. మరి ఆ కాగితంతో మోసపోవాల్సింది ఎవరు? దాన్ని చదివేవాళ్లు. మొట్టమొదట చదివేది నేను. నేను మార్కులు వేస్తాను కాబట్టే వాళ్లు కొన్నారు. నా బల్ల మీదికి రావడం కోసం తయారైన కాగితం అది.

అంతకు ముందరి ఏడాది రిపోర్టులు బీరువాలోంచి తీశాను. ఎన్ని సర్టిఫికెట్లకు నేను ఎన్ని నిమిషాల్లో సంతకం పెట్టానో గుర్తు చేసుకున్నాను. అన్నింటిలో అదే కాలిక్యులేటర్, అదే వాతావరణం పేజీ. రెండు రిపోర్టుల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యాలు. నేను చూసింది పై పేజీ మీది ముద్రలే. పిల్లలు ముద్రలు చూసి నమ్మారని కోప్పడే హక్కు నాకు లేదు.

మా పాత విద్యార్థి ఒకతను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చుంటాడు. అతన్ని అడిగాను, ఇలాంటి సర్టిఫికెట్లు చూస్తే మీరేం చేస్తారని. "మేడమ్, సర్టిఫికెట్ చూడం. ఒక్కటే అడుగుతాం. నువ్వు చేసిన పని ఎవరు చూశారు? ఏం మార్చమన్నారు? నిజంగా ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు ఇక ఆపకుండా చెబుతారు, నాలుగుసార్లు తిప్పి కొట్టారని, నా కోడ్ వల్ల ఏదో ఆగిపోయిందని. కొనుక్కున్నవాళ్లు మాట్లాడరు" అన్నాడు.

ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఈ ప్రశ్న తట్టకపోవడం నా లోపమే. నేను చేసేదే దిద్దడం. ఒక చోటికి వెళ్లి పని నేర్చుకోవడమంటే, పని తెలిసిన మనిషి మన పని చూసి ఇది తప్పు అని చెప్పడం. ఆ అమ్మాయి సున్నాతో భాగిస్తే ఏమవుతుందని అడిగినప్పుడు జవాబు రాలేదు చూశారా, అప్పుడే తెలియాలి అక్కడ ఎవరూ లేరని.

ఫీజు ఉన్న ప్రతిదీ మోసం అనడం లేదు. ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. కానీ కట్టాక సెంటరుకు వెళ్లి పరీక్ష రాయాలి, డబ్బు కట్టినా ఫెయిల్ కావచ్చు. డబ్బు తీసుకుని కోర్సు చెప్పే సంస్థలు కూడా అది కోర్సు అని చెప్పి అమ్మితే వాళ్లతో నాకు పేచీ లేదు. ఫెయిలయ్యే వీలే లేని చోట, మన చేత పని చేయించుకుని మన దగ్గరే డబ్బు అడిగే చోట, దాన్ని ఇంటర్న్‌షిప్ అనకూడదు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పేరు చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగే లింకులు కూడా పిల్లలు తెచ్చి చూపించారు. ఆ పథకానికి దరఖాస్తు ఫీజు ఏమీ లేదు, దాని చిరునామా pminternship.mca.gov.in. చివర gov.in లేని పేజీలో ప్రభుత్వ పథకానికి వివరాలు ఇవ్వకూడదు.

సమాజసేవ పేరుతో నడిచేది ఇంకో రకం. మొదటి సంవత్సరం అబ్బాయి ఒకడు 'వాలంటీర్ సర్టిఫికెట్' కోసం 250 కట్టాడు. కట్టాక అతనికి ఇచ్చిన పని, బంధువులకు లింకు పంపి విరాళాలు రాబట్టడం. ఐదు వేలు వసూలు చేస్తే 'ఉత్తమ వాలంటీర్' అట. తన మేనమామ చేత కూడా వెయ్యి కట్టించాడు. ఆ వెయ్యి ఎవరికి చేరిందో అతనికీ తెలియదు, మామకీ తెలియదు. అతని ఇంటికి రెండు వీధుల అవతల అంగన్‌వాడీ ఉంది. పిల్లల బరువులు తూచి రిజిస్టర్లో రాసే పనికి అక్కడ ఎవరైనా తోడుంటే బాగుండునని టీచరమ్మ ఎన్నిసార్లు అన్నదో. అతన్ని అక్కడికే పంపాం.

లాప్‌టాప్ కోసం డబ్బు పోగొట్టుకున్న అమ్మాయి సంగతి చెప్పాలి. ఆ సర్టిఫికెట్‌కు నేను మార్కులు వేయలేదు. నలభై ఏడు మందినీ పిలిచి తప్పు నాదని చెప్పి, హెచ్.ఓ.డి. గారిని, ప్రిన్సిపాల్ గారిని బతిమాలి గడువు పొడిగించుకుని, ఊళ్లోనే పనులు వెతికాం. పాలకేంద్రం, విత్తనాల దుకాణం, మీసేవ, కోల్డ్ స్టోరేజీలు. జీతం లేదు, ఫీజూ లేదు. ఈ అమ్మాయి వాళ్లమ్మ పనిచేసే కోల్డ్ స్టోరేజీకే వెళ్లింది. అక్కడ ఏ రైతు ఎన్ని టిక్కీలు పెట్టాడో, ఏ గదిలో ఉన్నాయో ఇంకా పుస్తకంలోనే రాస్తున్నారు. దాన్ని కంప్యూటర్లో పెట్టే చిన్న ప్రోగ్రాం రాసింది.

పదో రోజున అక్కడి గుమాస్తా గారు దాన్ని చూసి పనికిరాదన్నారు. ఆ ప్రోగ్రాంలో రైతు సరుకు తీస్తే లాటు మొత్తం పోయినట్టు లెక్క. "రైతు ధర చూసుకుని ఇవాళ ఇరవై టిక్కీలు తీస్తాడు, మిగతావి నెల తర్వాత తీస్తాడు. మిగిలినవాటికే అద్దె పడాలి. బ్యాంకులో తాకట్టు ఉంటే అప్పు తీరిన కాగితం చూడకుండా ఒక్క టిక్కీ బయటికి వెళ్లకూడదు. ఇవేవీ నీ దాంట్లో లేవు తల్లీ" అన్నారాయన. పిల్ల ఏడుపు ముఖంతో వచ్చి నాకు చెప్పింది. మళ్లీ మొదటి నుంచి రాసింది. ఆయన ఇంకోసారి తిప్పి కొట్టారు. మూడోసారి ఒప్పుకున్నారు.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నేను ఆ ప్రశ్నే అడిగాను. "నీ పని ఎవరు దిద్దారమ్మా?" ఆ అమ్మాయి పావుగంట చెప్పింది. ఆమె చూపించిన సర్టిఫికెట్ కోల్డ్ స్టోరేజీ లెటర్ హెడ్ మీద గుమాస్తా గారు చేత్తో రాసిచ్చిన నాలుగు వరుసలు. దాని మీద ఏ లోగోలూ లేవు, ఆయన సంతకమూ ఫోన్ నంబరూ ఉన్నాయి. పరీక్షకుడు అక్కడే ఆ నంబరుకు ఫోన్ చేసి మాట్లాడారు.

ఇంటర్న్‌షిప్ మార్కులు వేసే అధ్యాపకులకు నాదొక విన్నపం. మీ గ్రూపులో లింకు పెట్టే ముందు ఆ సంస్థకు మీరే ఫోన్ చేయండి. పిల్లల పని చూసే మనిషి పేరు అడగండి, ఆ మనిషితో మాట్లాడండి. అలాంటి మనిషి లేడంటే లింకు పంపకండి, ఆ కాగితానికి మార్కులు వేయకండి. ఇప్పటికే ఎవరైనా పిల్లలు డబ్బు కట్టి ఉంటే తిట్టకుండా, ఆ రోజే యూటీఆర్ నంబరు తీయించి 1930కి ఫోన్ చేయించండి.